సొంత కాంట్రాక్టుకే వెళ్లి చిక్కుకున్న టోకెన్లు

2022 జనవరి చివరి రోజుల్లో ఇథీరియం అనే బ్లాక్‌చెయిన్ వాడే ఒకరు తమ దగ్గరున్న సుమారు 195 టోకెన్లను దాని సొంత నాణెమైన ఈథర్‌గా మార్చుకోవాలనుకున్నారు. అవి తెర మీద WETH అని కనిపించే ‘ర్యాప్డ్ ఈథర్’ టోకెన్లు. ఒక్కో దాని విలువ ఒక్కో ఈథర్‌కు సమానం. మొత్తం కలిపితే అప్పటి ధరలో దాదాపు 5 లక్షల డాలర్లు. ఆ టోకెన్లను ఆ వ్యక్తి WETH కాంట్రాక్టు చిరునామాకు, అంటే ఆ టోకెన్‌ను నడిపే, ఇథీరియం మీదే ఉండే ప్రోగ్రాము చిరునామాకు పంపారు. లావాదేవీ ఏ ఆటంకమూ లేకుండా పూర్తయింది. ఈథర్ మాత్రం తిరిగి రాలేదు, ఇక రాదు కూడా.

అజాగ్రత్త అని కొట్టిపారేసే ముందు ఆ వ్యక్తి ఆలోచన ఎటు నడిచిందో చూడాలి. ఈ కాంట్రాక్టుకు ఈథర్ పంపితే, మరే బటనూ నొక్కనక్కరలేకుండా అంతే మొత్తంలో WETH మన ఖాతాలో పడుతుంది. ఈథర్ వచ్చిన వెంటనే `deposit` అనే ఫంక్షన్ నడిచేలా దాన్ని రాశారు. అటు నుంచి అలా పనిచేసేది ఇటు నుంచీ పనిచేస్తుందని ఎవరైనా అనుకుంటారు. కానీ వెనక్కి రావడానికి `withdraw` అనే వేరే ఫంక్షన్‌ను పిలవాలి. టోకెన్లు పంపడం అంటే ఆ ఫంక్షన్‌ను పిలవడం కాదు. నా దృష్టిలో ఇది వాడేవారి తప్పు కన్నా రూపకల్పనలో ఉన్న వంకర.

టోకెన్ ‘పంపడం’ అనే మాటే మనల్ని సగం తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే అక్కడ ఏదీ ఎక్కడికీ కదలదు. టోకెన్ కాంట్రాక్టు అంటే ప్రధానంగా ఒక ఖాతా పుస్తకం: ఏ చిరునామా పేరున ఎంత ఉందో చెప్పే పట్టిక. పంపడం అంటే ఆ పట్టికలో రెండు అంకెలు మారడం. WETH కోడులో అసలు పని చేసేవి ఈ రెండు వరుసలే:

```solidity
balanceOf[src] -= wad;
balanceOf[dst] += wad;
```

పంపినవారి అంకె తగ్గుతుంది, అందుకునేవారి అంకె పెరుగుతుంది. అందుకునే చిరునామా ఎవరిదో, అక్కడ దాన్ని వాడుకోగల వారెవరైనా ఉన్నారో లేదో ఈ వరుసలు చూడవు. అది కాంట్రాక్టు సొంత చిరునామా అయినా సరే, తన పేరు మీదే ఒక వరుస తెరిచి అంకె రాసుకుంటుంది. ఇథీరియం టోకెన్లు ఎలా పనిచేయాలో చెప్పే, 2015లో ప్రతిపాదించిన ఈఆర్‌సీ-20 ప్రమాణంలోనే ఈ లోటు ఉంది. ఈథర్ విషయం వేరు. దాన్ని అందుకునే ఏర్పాటు లేని కాంట్రాక్టుకు మామూలుగా ఈథర్ పంపితే లావాదేవీ విఫలమై, గ్యాస్ రుసుము పోయినా డబ్బు మన దగ్గరే ఉండిపోతుంది. ఈఆర్‌సీ-20 టోకెన్ వచ్చినప్పుడు మాత్రం అందుకున్న కాంట్రాక్టుకు ఆ సంగతే తెలియదు.

ఇప్పుడు ఆ 195 టోకెన్లు కాంట్రాక్టు పేరు మీద ఉన్నాయి. వాటిని బయటికి తీసే ఫంక్షన్ చూద్దాం:

```solidity
function withdraw(uint wad) public {
    require(balanceOf[msg.sender] >= wad);
    balanceOf[msg.sender] -= wad;
    msg.sender.transfer(wad);
    Withdrawal(msg.sender, wad);
}
```

ఇక్కడ `msg.sender` అంటే ఈ ఫంక్షన్‌ను పిలిచిన చిరునామా. మీరు పిలిస్తే మీ పేరు మీదున్న అంకెనే చూస్తుంది. కాంట్రాక్టు పేరు మీదున్న అంకె కదలాలంటే కాంట్రాక్టే తనను తాను పిలుచుకోవాలి, లేదా తన తరఫున ఖర్చు చేయడానికి మరొకరికి ముందుగా అనుమతి ఇచ్చి ఉండాలి. తన కోడులో రాసి ఉంటే తప్ప కాంట్రాక్టు ఈ రెండింటిలో ఏదీ చేయలేదు. WETH కోడు చాలా చిన్నది, ఓపికగా కూర్చుంటే ఒక పూటలో చదివేయవచ్చు. అందులో అలాంటి వరుస ఒక్కటీ లేదు.

మరి ప్రైవేట్ కీ? మన వాలెట్ చిరునామా వెనుక ఒక రహస్య సంఖ్య ఉంటుంది, దానితో సంతకం చేసి లావాదేవీ పంపుతాం. కాంట్రాక్టు చిరునామా అలా పుట్టదు. దాన్ని నెలకొల్పిన ఖాతా చిరునామానూ, ఆ ఖాతా అప్పటికి ఎన్ని లావాదేవీలు చేసిందన్న లెక్కనూ కలిపి గణించిన హాష్ అనే సంఖ్య నుంచి వస్తుంది. దానికి సరిపోయే కీని ఎవరూ దాచుకోలేదు, అసలు తయారే చేయలేదు. గుడ్డిగా వెతుక్కుంటూ పోతే సుమారు 1 పక్కన 48 సున్నాలు పెట్టినన్ని ప్రయత్నాలు పడతాయి. కాంట్రాక్టును నెలకొల్పినవారిని బతిమాలినా లాభం లేదు. WETHలో యజమాని అనే పాత్రే లేదు, కాబట్టి వారికీ మనకీ ఉన్న అధికారం ఒక్కటే.

నిజంగా ఇదే జరిగిందా అన్నది నిర్ధారించుకోవడం తరువాతి పని. ఇక్కడ చాలామంది అనవసరంగా కంగారు పడతారు. ఇథీరియం లావాదేవీలను చూపే ఎక్స్‌ప్లోరర్ సైటు ఈథర్‌స్కాన్ లాంటి చోట లావాదేవీ తెరిస్తే `To` అన్న వరుసలో టోకెన్ కాంట్రాక్టు చిరునామా కనిపిస్తుంది. అది చూసి గుండె ఆగినంత పని అవుతుంది. నిజానికి ఈఆర్‌సీ-20 టోకెన్‌ను వాలెట్ నుంచి ఎవరికి పంపినా అక్కడ కనిపించేది ఆ చిరునామానే, ఎందుకంటే మన ఆదేశం వెళ్లేది ఖాతా పుస్తకానికి. అసలు గ్రహీత పేరు ఆదేశం లోపల ఉంటుంది. ఆదేశం ఇలా ఉంటుంది, చదవడానికి వీలుగా మూడు వరుసలుగా విడగొట్టాను:

```
0xa9059cbb
000000000000000000000000c02aaa39b223fe8d0a0e5c4f27ead9083c756cc2
0000000000000000000000000000000000000000000000000de0b6b3a7640000
```

మొదటి వరుస `transfer` ఫంక్షన్ గుర్తు. రెండోది గ్రహీత చిరునామా, ముందున్న సున్నాలు నింపుడు కోసం. మూడోది మొత్తం, ఈ ఉదాహరణలో సరిగ్గా 1 WETH. రెండో వరుసలో ఉన్నది WETH కాంట్రాక్టు సొంత చిరునామా, కాబట్టి ఈ ఒక్క టోకెన్ చిక్కుకుపోతుంది. అక్కడ మీ స్నేహితుడి చిరునామానో ఎక్స్ఛేంజి ఇచ్చిన చిరునామానో ఉంటే, సమస్య ఏదైనా ఉన్నా అది వేరే సమస్య. హెక్స్ అంకెలు చదవడం ఇష్టం లేకపోతే, అదే పేజీలో టోకెన్ బదిలీని విడిగా చూపే వరుసలో పంపినవారు, అందుకున్నవారు కనిపిస్తారు. అందుకున్నచోట టోకెన్ కాంట్రాక్టే ఉంటేనే చింతించాలి.

చిక్కుకున్నట్టు తేలితే, ఏం చేయగలమన్నది ఆ టోకెన్ కోడులో ముందే ఏం రాసి ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. మంచి ఉదాహరణ, డాలర్ విలువకు కట్టుబడి ఉండేలా సర్కిల్ అనే కంపెనీ జారీ చేసే USDC. ఆ కాంట్రాక్టు ముందొక గుమ్మం, వెనుక మార్చగలిగే కోడు ఉన్న ప్రాక్సీ పద్ధతిలో నడుస్తుంది. చిరునామా, పట్టిక అలాగే ఉంటాయి, వాటిని నడిపే కోడును నిర్వాహకులు మార్చవచ్చు. దాని 2.1 వెర్షన్‌లో వాళ్లు సరిగ్గా ఈ సమస్య కోసమే కొన్ని వరుసలు రాశారు. కాంట్రాక్టు పేరు మీద అప్పటివరకు పోగుపడిన USDC అంతటినీ `lostAndFound` అని పిలిచిన ఒక చిరునామాకు బదిలీ చేసి, వెంటనే కాంట్రాక్టు సొంత చిరునామాను నిషిద్ధ జాబితాలో పెట్టారు. అందువల్ల ఆ తరువాత ఎవరైనా పొరపాటున అక్కడికి పంపబోతే లావాదేవీయే విఫలమవుతుంది. ఖాతాలను స్తంభింపజేసే అధికారం కంపెనీ చేతిలో ఉండటాన్ని తప్పుబట్టేవారు చాలామంది ఉన్నారు, ఆ విమర్శలో బలం ఉంది. అయితే పోయిన టోకెన్లను వెతికి తీసిందీ ఆ నిషిద్ధ జాబితాను అడ్డుగా పెట్టిందీ అదే రకం అధికారం.

ఇతర టోకెన్లలో వెతకవలసినవి కొన్ని ఉన్నాయి. ఎక్స్‌ప్లోరర్‌లో కాంట్రాక్టు కోడు తెరిచి `rescue`, `recover` లాంటి పేర్లున్న ఫంక్షన్లు ఉన్నాయేమో చూడాలి. పొరపాటున వచ్చిన టోకెన్లను యజమాని బయటికి పంపేందుకు రాసేవి అవి. ఉన్నంత మాత్రాన సరిపోదు. కొన్ని కాంట్రాక్టుల్లో అవి వేరే టోకెన్లను మాత్రమే వదులుతాయి, సొంత టోకెన్‌ను ముట్టుకోనివ్వవు, కాబట్టి షరతు కూడా చదవాలి. అలాంటి ఫంక్షన్ లేకపోయినా కోడు మార్చగలిగేదైతే, లేదా కొత్త టోకెన్లు ముద్రించే అధికారం జారీదారుకు ఉంటే, వారు తలచుకుంటే నష్టాన్ని పూడ్చగలరు. అప్పుడు లావాదేవీ గుర్తింపు సంఖ్యతో, పంపిన వాలెట్ నుంచే సంతకం చేసిన సందేశంతో ప్రాజెక్టువారి అధికారిక మార్గంలో అడగడమే పని. ఒప్పుకోవాలన్న బాధ్యత వారికి లేదు. చిన్న మొత్తాల కోసం కోడు మార్చడానికి చాలామంది సిద్ధపడరు కూడా.

WETHకు ఇవేవీ వర్తించవు. మిగిలేది ఒక్కటే దారి: ఇథీరియం నియమాలనే మార్చి ఆ అంకెను సరిదిద్దడం. 2016లో డావో అనే ఉమ్మడి పెట్టుబడి నిధి కాంట్రాక్టు దోపిడీకి గురైన తరువాత ఒకసారి అలా చేశారు, ఫలితంగా గొలుసు రెండుగా చీలింది. 2017 నవంబరులో పారిటీ అనే సంస్థ వాలెట్లు ఆధారపడిన లైబ్రరీ కోడు చెరిగిపోయి 5 లక్షలకు పైగా ఈథర్ స్తంభించిపోయినప్పుడు, దాన్ని విడిపించాలని మరుసటి ఏడాది వచ్చిన ప్రతిపాదన అమలుకు నోచుకోలేదు. అంత పెద్ద మొత్తానికే జరగనిది 195 టోకెన్లకు జరుగుతుందని ఆశ పెట్టుకోలేం. విచిత్రమేమిటంటే ఈ నష్టంతో ఎవరికీ లాభం లేదు. ఆ టోకెన్లకు హామీగా ఉన్న ఈథర్ ఇంకా కాంట్రాక్టులోనే ఉంది, WETH మొత్తం సరఫరా లెక్కలోనూ అది కలిసే ఉంటుంది. పుచ్చుకునే హక్కున్న చిరునామా మాత్రం ఎప్పటికీ పిలవదు.

ఈ దశలోనే ‘తెప్పించి ఇస్తాం’ అంటూ మనుషులు తగులుతారు. ముందుగా రుసుము అడుగుతారు, లేదా వాలెట్ ధ్రువీకరణ పేరుతో 12 లేదా 24 పదాల రహస్య వాక్యం టైప్ చేయమంటారు. మీ కీతో కాంట్రాక్టు ఖాతాను కదిలించలేరన్నది పైన చూశాం. కాబట్టి మీ రహస్య వాక్యం వారికి పనికొచ్చేది మీ దగ్గర మిగిలినది కాజేయడానికే.

ఈ ప్రమాదాన్ని మొదట్లోనే ఆపడానికి పెద్ద విద్య అక్కరలేదు. బదిలీ ఫంక్షన్‌లో `require(to != address(this))` అన్న ఒక్క షరతు చాలు. డాలర్ విలువను అనుసరించే డాయ్ టోకెన్ మీద వడ్డీ చెల్లించే sDAI టోకెన్‌లో ఇలాంటి షరతే ఉంది. మెటామాస్క్ లాంటి వాలెట్లు కూడా, గ్రహీత గడిలో తమకు తెలిసిన టోకెన్ కాంట్రాక్టు చిరునామా పడితే హెచ్చరిస్తాయి. ఆ చిరునామా అక్కడికి ఎలా వస్తుందో ఊహించడం కష్టం కాదు. కొత్త టోకెన్‌ను వాలెట్‌లో చేర్చుకోవడానికి ధరల సైట్ నుంచి కాంట్రాక్టు చిరునామాను కాపీ చేస్తాం, కాసేపటి తరువాత గ్రహీత చిరునామా అనుకుని దాన్నే అతికిస్తాం. పెద్ద మొత్తం పంపే ముందు చిన్న మొత్తం పంపి, అది అవతలి వాలెట్‌లో కనిపించిందో లేదో చూసుకుంటే ఈ పొరపాటు అక్కడే బయటపడుతుంది. ‘లావాదేవీ విజయవంతం’ అన్న మాటను ఈ పరీక్షలో లెక్కలోకి తీసుకోకూడదు, 195 టోకెన్లు వెళ్లినప్పుడు కూడా తెర మీద కనిపించింది అదే.