నెవర్, హార్డ్లీ, నాట్ ఓన్లీతో మొదలయ్యే వాక్యం: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లీషు బాగానే రాసేవాళ్లు కూడా ఒత్తి చెప్పాలనుకున్నప్పుడు ఈ మూడింటి దగ్గర తడబడతారు. వీటిని వాక్యం మొదట్లోకి తెస్తే చాలాసార్లు సబ్జెక్ట్, క్రియల వరుస తిరగబడుతుంది, దీన్నే ఇన్వర్షన్ అంటారు. తడబడేది ఈ సూత్రం తెలియక కాదు, సగమే తెలిసి.

అపోహ: ఈ మాటల్లో ఏది ముందుకొచ్చినా క్రియను సబ్జెక్ట్‌కు ముందు పెట్టేస్తే సరి.

వాస్తవం: ముందుకు జరిగేది హెల్పింగ్ వెర్బ్ ఒక్కటే. "ఐ హావ్ నెవర్ సీన్ సచ్ ఎ క్రౌడ్" అన్న వాక్యంలో హావ్ ఉంది కాబట్టి "నెవర్ హావ్ ఐ సీన్ సచ్ ఎ క్రౌడ్" అవుతుంది. "హి నెవర్ ఆన్సర్డ్ మై లెటర్స్" లో జరపడానికి హెల్పింగ్ వెర్బ్ లేదు, అందుకని డిడ్‌ను తెచ్చుకోవాలి. డిడ్ రాగానే భూతకాలం బరువంతా అదే మోస్తుంది, మెయిన్ వెర్బ్ మూలరూపానికి దిగుతుంది: "నెవర్ డిడ్ హి ఆన్సర్ మై లెటర్స్". ఇక్కడ ఆన్సర్డ్ అని వదిలేయడమే ఎక్కువగా కనబడే తప్పు. ఈజ్, వాజ్ లాంటివి మెయిన్ వెర్బ్‌గా ఉన్నా తామే ముందుకొస్తాయి, డిడ్ అక్కర్లేదు.

అనుమానం వస్తే ఆ వాక్యాన్ని ముందు ప్రశ్నగా మార్చి చూడండి. "డిడ్ హి ఆన్సర్ మై లెటర్స్?" అన్న వరుస దొరికాక, ప్రశ్న గుర్తు తీసేసి ముందు నెవర్ చేర్చడమే. "హియర్ కమ్స్ ది బస్" లో మెయిన్ వెర్బే జరిగింది కదా అంటారు. అది వేరే సూత్రం, దాన్ని ఇక్కడికి లాక్కురావద్దు.

ఇంకొకటి మన భాష నుంచి వచ్చే చిక్కు. "ఎప్పుడూ చూడలేదు" అన్నప్పుడు 'కాదు' అనే అర్థం క్రియలో ఉంది, ఎప్పుడూలో లేదు. నెవర్‌లో మాత్రం ఆ అర్థం ముందే ఉంది. ఆ అలవాటుతో "నెవర్ హావ్ ఐ నాట్ సీన్" అని రాస్తే చూడని రోజే లేదన్న అర్థం వచ్చి కూర్చుంటుంది.

అపోహ: హార్డ్లీ తర్వాత దాన్ రావాలి, రెండు భాగాలూ తిరగాలి.

వాస్తవం: దాన్ "నో సూనర్"కు జత. హార్డ్లీకి జత వెన్. ఈ నిర్మాణానికి మన దగ్గర సరిగ్గా సరిపోయే పలుకుబడి ఉంది: "బస్టాండ్‌కు చేరామో లేదో, వాన అందుకుంది." దీన్ని ఇంగ్లీషులో పెడదాం. ముందు జరిగింది చేరడం, కాబట్టి దానికి హాడ్: "వి హాడ్ హార్డ్లీ రీచ్డ్ ది బస్ స్టాండ్". వెంటనే జరిగింది వాన, దానికి మామూలు భూతకాలం: "వెన్ ది రెయిన్ స్టార్టెడ్". ఇప్పుడు హార్డ్లీని ముందుకు తెచ్చి హాడ్‌ను దాని వెనకాలే నిలబెడితే "హార్డ్లీ హాడ్ వి రీచ్డ్ ది బస్ స్టాండ్ వెన్ ది రెయిన్ స్టార్టెడ్". వెన్ తర్వాతి భాగాన్ని కదపకూడదు. "వెన్ డిడ్ ది రెయిన్ స్టార్ట్" అంటే వాన ఎప్పుడు మొదలైందని అడిగినట్టు ఉంటుంది.

అపోహ: వాక్యం నాట్ ఓన్లీతో మొదలైతే ఇన్వర్షన్ తప్పదు.

వాస్తవం: అది దేనికి అంటుకుని ఉందో చూడాలి. "నాట్ ఓన్లీ ది స్టూడెంట్స్ బట్ ఆల్సో ది టీచర్ వాజ్ లేట్" లో అది సబ్జెక్ట్‌కే అంటుకుంది, "పిల్లలే కాదు, పంతులుగారు కూడా" అన్నట్టు. వరుస మారదు. "హార్డ్లీ ఎనీవన్ కేమ్" కూడా ఇదే బాపతు.

పని గురించి చెప్పినప్పుడే తిప్పాలి. "షి నాట్ ఓన్లీ రోట్ ది రిపోర్ట్ బట్ ఆల్సో చెక్డ్ ది ఫిగర్స్" అన్నది అలాగే ఉన్నా తప్పేం లేదు. నాట్ ఓన్లీని ముందుకు లాగితే మాత్రం "నాట్ ఓన్లీ డిడ్ షి రైట్ ది రిపోర్ట్, బట్ షి ఆల్సో చెక్డ్ ది ఫిగర్స్". రెండో భాగంలో షి మళ్లీ వచ్చింది చూశారా? చాలామంది దాన్ని మింగేసి "బట్ ఆల్సో చెక్డ్" అంటారు. మొదటి సగం డిడ్‌తో పూర్తి వాక్యంగా మారాక, రెండో సగానికీ తన సబ్జెక్ట్ కావాలి. అక్కడ వరుస మామూలుదే, డిడ్ మళ్లీ రాదు.

అపోహ: నెవర్ తర్వాత కామా పెడితే ఒత్తు పెరుగుతుంది.

వాస్తవం: పెరగదు, వాక్యం విరుగుతుంది. "నెవర్ ఇన్ మై లైఫ్ హావ్ ఐ..." అన్నప్పుడు ఆ పదబంధమంతా ఒకే ముక్క, దాని వెనకాలే హావ్ రావాలి. చదివేటప్పుడు బలం నెవర్ మీద పడుతుంది, చివర గొంతు దిగుతుంది. వరుస ప్రశ్నలా ఉందని చివర స్వరం లేపితే వినేవాళ్లు జవాబు చెప్పాలేమో అనుకుంటారు.