రెండో గేట్‌వే నిజంగా ఎన్ని పేమెంట్లను నిలబెడుతోంది?

2009 ఆగస్టు 1కి ముందు మన దేశంలో ఆన్‌లైన్‌లో కార్డుతో కొనాలంటే నంబరు, గడువు తేదీ, కార్డు వెనక ఉన్న మూడంకెలు ఇస్తే సరిపోయేది. ఆ రోజు నుంచి రిజర్వ్ బ్యాంకు రెండో ధ్రువీకరణను తప్పనిసరి చేసింది. మొదట్లో అది పాస్‌వర్డు, తర్వాత ఓటీపీ అయింది. దొంగ వాడకానికి గట్టి అడ్డుకట్ట పడింది కానీ, పేమెంట్ నడిచే దారి పొడవైంది. వ్యాపారి సైటు నుంచి, పేమెంటును బ్యాంకుకు చేరవేసే గేట్‌వేకి, అక్కడి నుంచి బ్యాంకు పేజీకి, ఓటీపీ కొట్టాక మళ్లీ వెనక్కి రావాలి. మధ్యలో ఎక్కడ ఆగినా కొనేవాళ్లకు కనిపించేది ఒకటే: పేమెంట్ ఫెయిల్.

అందుకే పెద్ద వ్యాపారులు రెండు, మూడు గేట్‌వేలు పెట్టుకున్నారు. ఐఆర్‌సీటీసీలో రైలు టికెట్ తీసుకున్నవాళ్లకు ఆ గేట్‌వేల జాబితా తెలిసే ఉంటుంది. ఒకటి పని చేయకపోతే మనమే ఇంకోటి ఎంచుకోవాలి. ఆ ఎంపికను సాఫ్ట్‌వేర్‌కు అప్పగించడం తర్వాతి అడుగు.

అయితే ఫెయిలైన ప్రతి పేమెంటునూ రెండో దారికి పంపకూడదు. కార్డు ఇచ్చిన బ్యాంకు 51 కోడ్ పంపితే ఖాతాలో డబ్బు లేదని, 54 అయితే కార్డు గడువు తీరిందని, 43 అయితే అది దొంగిలించిన కార్డని అర్థం. గేట్‌వే మారినంత మాత్రాన ఆ జవాబు మారదు. పైగా ఒకే కార్డును పదేపదే ప్రయత్నిస్తే వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డు నెట్‌వర్క్‌లు అదనపు రుసుము వేస్తాయి. గేట్‌వే సర్వరు పలకకపోవడం, ఓటీపీ పేజీ తెరుచుకోకపోవడం లాంటివే దారి మార్చదగ్గవి. అవి కూడా ఓటీపీ కొట్టకముందే జరిగితే మేలు, ఎందుకంటే అప్పుడు దారి మారినట్టు కొనేవాళ్లకు తెలియనే తెలియదు. ఓటీపీ తర్వాత ఆగితే సాధారణంగా రెండో గేట్‌వే మళ్లీ ఓటీపీ అడుగుతుంది. అక్కడ చాలామంది విసిగి వెళ్లిపోతారు.

జవాబే రాకపోతే మరీ ప్రమాదం. మొదటి గేట్‌వేలో పేమెంట్ ఆలస్యంగా అయినా పూర్తి కావచ్చు, ఈలోగా రెండో దారిలోనూ డబ్బు కట్ అవుతుంది. కాబట్టి మొదటి దాని స్థితి ‘ఫెయిల్’ అని ఖరారయ్యాకే రెండోదానికి వెళ్లాలి. ఖాతాలో డబ్బు కట్ అయి వ్యాపారికి కబురు అందకపోతే 5 రోజుల్లోగా దానంతట అదే వెనక్కి వేయాలనీ, ఆ తర్వాత రోజుకు ₹100 పరిహారం ఇవ్వాలనీ రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో చెప్పింది. అయినా ఆ ఐదు రోజుల టెన్షన్ మాత్రం కొన్నవాళ్లదే.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ‘రెండో గేట్‌వేలో సక్సెస్ అయినవి ఇన్ని, కాబట్టి అన్నీ మనం తిరిగి తెచ్చినవే’ అని నివేదికల్లో రాస్తుంటారు. ఇది తప్పు లెక్క. మనం ఏమీ చేయకపోయినా వాళ్లలో చాలామంది తామే మళ్లీ కార్డు కొట్టేవాళ్లు, లేదా యూపీఐతో కట్టేవాళ్లు.

దారి మార్చదగ్గ ఫెయిల్ పడిన ఆర్డర్లు 10,000 అనుకుందాం. ఆర్డర్ నంబరును బట్టి చీటీ తీసినట్టు సగాన్ని రెండో గేట్‌వేకి పంపి, మిగతా సగానికి మామూలు ఫెయిల్ పేజీ చూపించాలి. గంటలోపు ఏ పద్ధతిలోనైనా డబ్బు అందిన ఆర్డర్లను రెండు వైపులా లెక్కపెట్టాలి. మొదటి 5,000లో 1,900 పూర్తయ్యాయి, అందులో 1,500 రెండో గేట్‌వేలోనే. వదిలేసిన 5,000లో కూడా 1,500 వాటంతట అవే పూర్తయ్యాయి. అంటే నిజంగా అదనంగా వచ్చినవి 400, వందకు 8. తప్పు లెక్కలో ఇదే 1,500గా కనిపించేది! ఇంత సంఖ్యలో యాదృచ్ఛిక తేడాను కలుపుకుంటే అసలు ఫలితం వందకు సుమారు 6 నుంచి 10 మధ్య ఉంటుంది.

లెక్క ప్రయత్నాల మీద కాదు, ఆర్డర్ల మీద వేయాలి. రెండో దారికి పంపబోయి పంపలేకపోయినవాటినీ ఆ గుంపులోంచి తీసేయకూడదు. తీసేస్తే తేలిగ్గా పూర్తయ్యేవే మిగిలి ఫలితం ఉబ్బుతుంది. ఆ 400 తేడాను ఖరారు చేసేముందు రెండు వైపుల నుంచీ, రెండుసార్లు డబ్బు కట్ అయి వెనక్కి ఇచ్చినవాటిని, తర్వాత రద్దయినవాటిని కూడా తీసేయాలి. అందుకే మొదటి రోజు అంకె మీద నిర్ణయం తీసుకోకుండా, ఆ రీఫండ్లన్నీ తేలేదాకా ఒక వారమైనా ఆగి చూడాలి.