నొప్పి పోయినా వంపు ఎందుకు పోదు?

ఒక మనిషిని ఊహించుకుందాం. వయసు 52. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటున్నాడు. నాలుగు నెలల కిందట తెల్లవారుజామున అంగం గట్టిపడినప్పుడు పైభాగంలో ఒకచోట పట్టి లాగినట్టు నొప్పి మొదలైంది. కొన్ని వారాలకు చూసుకుంటే అంగం పొట్ట వైపు వంగుతోంది. మెత్తగా ఉన్నప్పుడు తడిమితే చర్మం కింద, పైవైపు నడిమధ్య, చింతగింజంత గట్టిగా ఏదో తగులుతోంది. క్యాన్సరేమోనని భయం. భార్యకు చెప్పలేదు. ఎప్పుడో కుర్రతనంలో చేసిన హస్తప్రయోగం వల్లేనేమోనని తనలో తాను కుమిలిపోతున్నాడు.

ముందు ఆ రెండు భయాలూ తీసేయాలి. అది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. కుర్రతనపు అలవాట్లకు పడిన శిక్ష అంతకన్నా కాదు. అంటుకునే జబ్బు కూడా కాదు, కాబట్టి భార్యకు ఏమీ రాదు. దీని పేరు పైరోనీస్ డిసీజ్. ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీకి వైద్యుడైన ఫ్రాంస్వా ద లా పైరోనీ 1743లో దీన్ని వివరించి రాశాడు, అందుకే ఆ పేరు. ఇది ఎంతమందికి ఉంటుందన్న లెక్కలు సర్వేను బట్టి నూటికి ఒకరికన్నా తక్కువ నుంచి తొమ్మిది మంది దాకా మారుతుంటాయి. అడిగితేగానీ ఎవరూ చెప్పని జబ్బుకు లెక్క కుదరడం కష్టమే. ఎక్కువగా యాభైల వయసులో బయటపడుతుంది.

అసలు జరిగేదేమిటో తెలియాలంటే ఒక పొర గురించి తెలియాలి. అంగం లోపల స్పంజిలాంటి రెండు గొట్టాలు పక్కపక్కనే ఉంటాయి. వాటిని బిగుతుగా చుట్టి ఉండే తెల్లటి పొర ఒకటుంది. మందం మహా అయితే రెండు మూడు మిల్లీమీటర్లు. కొంతవరకు సాగుతుంది, ఆ తర్వాత సాగనని మొండికేస్తుంది. లోపలికి చేరిన రక్తం ఆ పొరను ఒత్తితేనే అంగం గట్టిపడుతుంది. సైకిల్ ట్యూబ్‌ను టైరులోంచి బయటికి తీసి గాలి కొడితే పంక్చర్ అతుకు వేసినచోట సాగదు, మిగతా చోటంతా సాగుతుంది. అప్పుడు ట్యూబ్ అతుకు వైపుకే తిరుగుతుంది. ఈ వంపు వెనకున్న సూత్రం కూడా అదే. చేతికి గట్టిగా తగిలేది ఆ తెల్లటి పొరలో పడిన మచ్చ, అది సాగదు. మచ్చ ఏ వైపుంటే అంగం ఆ వైపుకే వంగుతుంది. మచ్చ చుట్టూతా ఉంటే అక్కడ సన్నబడి డమరుకంలా కనిపిస్తుంది.

మచ్చ ఎందుకు పడుతుంది? సంభోగంలో, ముఖ్యంగా గట్టిదనం కాస్త తక్కువగా ఉన్నప్పుడు, అంగం మడతపడినట్టయి ఆ పొరలో కంటికి కనిపించని చిన్న చీలికలు వస్తాయి. చాలామందికి అవి ఆనవాలు లేకుండా మానిపోతాయి. కొందరిలో మాత్రం పొరల మధ్య చిక్కుకున్న రక్తపు గడ్డ కరగదు. మానే ప్రక్రియ ఆగాల్సిన చోట ఆగదు. సాగే పీచు తగ్గిపోయి సాగని కొల్లాజెన్ అనే పీచు పేరుకుంటూ పోతుంది, ఒక్కోసారి అందులో సున్నం కూడా చేరుతుంది. ఈ జబ్బున్న కొందరికి అరచేతిలో చర్మం కింద తాడులాంటిది లేచి ఉంగరపు వేలు లోపలికి ముడుచుకుంటుంది. అదీ ఇలాంటి మచ్చే. అందుకే వివరం తెలిసిన యూరాలజిస్టు పరీక్ష చేసేటప్పుడు అరచేయి కూడా చూస్తాడు.

ఇక అసలు విషయానికి వద్దాం. మచ్చ తయారవుతున్నంత కాలం అక్కడ వాపు ఉంటుంది, దాన్ని సాగదీస్తే నొప్పి పుడుతుంది. మచ్చ ముదిరాక వాపు పోతుంది, దాంతో నొప్పీ పోతుంది. కానీ ముదిరిన మచ్చ ఎక్కడికీ పోదు. 2006లో వచ్చిన ఒక అధ్యయనం చికిత్స తీసుకోని 246 మందిని ఏడాదికి పైగా గమనించింది. నొప్పి ఉన్నవాళ్లలో పదిమందికి తొమ్మిదిమందిలో అది పూర్తిగా తగ్గిపోయింది. వంపు మాత్రం నూటికి 12 మందిలోనే తగ్గింది. 40 మందిలో అలాగే ఉండిపోయింది, 48 మందిలో పెరిగింది.

ఈ అంకెలు గుర్తుంచుకుంటే మార్కెట్‌లోని చాలా మందుల గుట్టు బయటపడుతుంది. నొప్పితో వచ్చిన మనిషికి విటమిన్ ఇ ఇచ్చినా, ఏ చూర్ణం ఇచ్చినా, ఏడాది తిరిగేసరికి నొప్పి తగ్గుతుంది. పేరు మందుకు వస్తుంది. వంపు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. విటమిన్ ఇ, టామోక్సిఫెన్, ఒమేగా-3 మాత్రలను ఈ జబ్బుకు ఇవ్వొద్దని అమెరికా యూరాలజీ సంఘం 2015లో స్పష్టంగా చెప్పింది. షాక్‌వేవ్ చికిత్స నొప్పికి పనికొస్తుంది కానీ వంపును సరిచేయదు. వంపు పోగొడతామని వేలకు వేలు తీసుకుని షాక్‌వేవ్ ప్యాకేజీలు అమ్మడం చూస్తే నాకు కోపం వస్తుంది.

మన 52 ఏళ్ల మనిషి ఇప్పుడేం చేయాలి? మొదటి పని ఫోటో తీసుకోవడం. అంగం పూర్తిగా గట్టిపడినప్పుడు పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. సిగ్గుపడే పని కాదిది, ఎక్స్‌రే లాంటిదే. డాక్టరు గదిలో మెత్తగా ఉన్న అంగాన్ని చూసి వంపు ఎంతో ఎవరూ చెప్పలేరు. నెలకోసారి తీసిన ఫోటోలు వరసగా పెడితే వంపు పెరుగుతోందో నిలిచిపోయిందో తెలిసిపోతుంది. ఆపరేషన్ ఆలోచన వచ్చాక మాత్రం డాక్టరే ఆసుపత్రిలో ఇంజెక్షన్‌తో గట్టిదనం తెప్పించి కోణం కొలుస్తాడు. రక్తం సరిగ్గా వస్తోందో లేదో డాప్లర్ స్కాన్‌లో చూస్తాడు.

ఈ దశలో నొప్పికి మామూలు నొప్పి మాత్రలు చాలు, అవీ కిడ్నీలు బాగుంటేనే. షుగర్ అదుపులోకి తెచ్చుకోవాలి, సిగరెట్ ఉంటే మానాలి. గట్టిదనం తగ్గితే సిల్డెనాఫిల్ లాంటి మాత్ర పనికొస్తుంది. మెత్తబడ్డ అంగమే మళ్లీ మళ్లీ మడతపడి గాయపడుతుంది కాబట్టి దాన్ని నిర్లక్ష్యం చేయకూడదు. అయితే గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు ఈ మందును ముట్టకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. అంగాన్ని మెల్లగా సాగదీసే ట్రాక్షన్ పరికరాలు కూడా ఉన్నాయి. పాతవి రోజుకు చాలా గంటలు పెట్టుకోవాల్సి వచ్చేది. కొత్త రకాలు అరగంట చొప్పున సరిపోతాయి. మూడు నెలలు శ్రద్ధగా వాడితే సగటున పది డిగ్రీల దాకా వంపు తగ్గొచ్చు, పోయిన పొడవు కొంత తిరిగి రావచ్చు. విసుగు పుట్టి నెలకే పక్కన పడేసేవాళ్లే ఎక్కువ.

ఒక హెచ్చరిక. సంభోగం మధ్యలో ‘టప్’మని శబ్దం వచ్చి, గట్టిదనం ఒక్కసారిగా పోయి, అంగం నల్లగా ఉబ్బితే అది ఈ జబ్బు కాదు. పొర పూర్తిగా చిరిగిపోయిందన్నమాట. తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

పది నెలలు గడిచాయనుకుందాం. నొప్పి పోయింది. వంపు 50 డిగ్రీల దగ్గర ఆగింది, మూడు నెలల ఫోటోల్లో తేడా లేదు. ఇప్పుడే దారి ఎంచుకోవాలి, ఇంతకు ముందు కాదు. మచ్చ ఇంకా మారుతుండగా ఆపరేషన్ చేస్తే ఆ తర్వాత మళ్లీ వంగొచ్చు. 30 డిగ్రీలలోపు వంపుతో చాలామంది ఏ చికిత్సా లేకుండానే సంసారం చేసుకుంటారు. 50 అయితే కష్టమే.

ఒక దారి మచ్చలోకే ఇంజెక్షన్. కొల్లాజెన్‌ను కరిగించే కొల్లాజినేజ్ అనే ఎంజైమ్‌కు అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. పరీక్షల్లో సగటున వంపు 34 శాతం తగ్గింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 18 శాతం. మన మనిషికి లెక్కేస్తే 50 డిగ్రీలు 33కి వస్తాయి. నిటారు కాదు, కానీ ఇబ్బంది దాటిపోవచ్చు. మచ్చ కింది వైపు, మూత్రనాళం దగ్గర ఉంటే ఇది ఇవ్వరు. సున్నం బాగా పట్టిన మచ్చను ఇది కరిగించలేదు. పొర బలహీనపడి చిరిగే ప్రమాదం అరుదుగానైనా ఉంది. ఖరీదెక్కువ, అన్ని దేశాల్లోనూ దొరకదు. దీనికి బదులు వెరపామిల్ ఇంజెక్షన్ ఇచ్చేవాళ్లున్నారు గానీ దాని రుజువులు అంత గట్టివి కావు.

రెండో దారి ఆపరేషన్. ఇక్కడ దర్జీ పని గుర్తు తెచ్చుకోండి. చొక్కాకు ఒక వైపు పొడవు తక్కువైతే రెండు పనులు చేయొచ్చు: పొడవైన వైపు మడిచి కుట్టడం, లేదా పొట్టి వైపు ముక్క వేసి పెంచడం. మొదటిది ప్లైకేషన్. మచ్చను తాకకుండా ఎదురు వైపు పొరను మడిచి కుడతారు. ఎక్కువమందిలో అంగం నిటారవుతుంది, గట్టిదనానికి పెద్దగా ముప్పు లేదు. కాకపోతే పొడవు తగ్గుతుంది.

ఎంత తగ్గుతుందో లెక్క కట్టొచ్చు. వంగిన అంగాన్ని ఒక వృత్తంలో ముక్కగా చూడండి. అంగం మందం 3.5 సెంటీమీటర్లయితే పూర్తి చుట్టులో బయటి అంచు లోపలి అంచు కన్నా సుమారు 22 సెంటీమీటర్లు ఎక్కువ ఉంటుంది. 50 డిగ్రీలంటే చుట్టులో ఏడో వంతు. కాబట్టి పొడవు వైపుకూ పొట్టి వైపుకూ తేడా దాదాపు 3 సెంటీమీటర్లు. మడిచి కుట్టాల్సింది అంతే. నడిగీత మీద కొలిస్తే పోయేది దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు. మచ్చ వల్ల అప్పటికే పోయిన పొడవు దీనికి అదనం. అందుకే 60 డిగ్రీలు దాటినా, డమరుకంలా నొక్కుకుపోయినా రెండో పద్ధతికి వెళ్తారు: మచ్చను కోసి విప్పి, అక్కడ కాలి సిరనో బుగ్గ లోపలి పొరనో అతుకు వేస్తారు. పొడవు దక్కుతుంది, కానీ ఆ తర్వాత గట్టిదనం తగ్గే ప్రమాదం బాగా ఎక్కువ. అందుకని ముందే గట్టిదనం గట్టిగా ఉన్నవాళ్లకే ఇది చేయాలి. మాత్రలు వేసుకున్నా గట్టిపడని షుగర్ రోగికి ఈ రెండూ వృథా. అతనికి లోపల అమర్చే ఇంప్లాంట్ ఒక్కటే వంపునూ బలహీనతనూ కలిపి తీరుస్తుంది.

ఆపరేషన్ అయ్యాక వచ్చే ఫిర్యాదుల్లో తరచుగా వినబడేది ‘డాక్టర్‌గారూ, పొట్టిదైపోయింది’ అన్నదే. చాలాసార్లు అందులో సగం జబ్బు తీసుకున్నదే, కానీ అప్పుడు ఎవరూ కొలవలేదు. కాబట్టి ఆపరేషన్‌కు ముందే, అంగాన్ని సాగదీసి పట్టుకుని దాని మొదట్లోని ఎముక దగ్గర నుంచి కొన దాకా స్కేలు పెట్టి కొలవమని అడగండి. ఆ అంకెను మీ కళ్ల ముందే కేస్ షీట్‌లో రాయించుకోండి. మీ భార్యకు కూడా చెప్పండి.