గుడ్ల గంప లెక్క, విల్సన్ నియమం

గుణుపురం సంతలో ఒకామె గంపలో కోడిగుడ్లు తెచ్చింది. రెండేసి చొప్పున తీస్తే చివర ఒకటి మిగిలింది. మూడేసి తీసినా ఒకటే, నాలుగు, అయిదు, ఆరు చొప్పున తీసినా ఒకటే మిగిలింది. ఏడేసి చొప్పున తీస్తే మాత్రం ఒక్కటీ మిగల్లేదు. గంపలో గుడ్లెన్ని?

రాయగడలో ట్యూషన్ చెప్పేటప్పుడు నేను ఈ లెక్క తరచుగా ఇస్తాను. పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మనం ప్రధాన సంఖ్య అన్నదాన్ని వాళ్లు మౌలిక సంఖ్య అంటారు. లెక్క మాత్రం ఎవరికైనా ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు. చాలామంది క.సా.గు. దారి పడతారు. 2 నుంచి 6 వరకు అన్నిటితో భాగమయ్యే చిన్న సంఖ్య 60. అందుచేత జవాబు 60, 120, 180 లాంటి సంఖ్యకు ఒకటి ఎక్కువ ఉండాలి. 61, 121, 181, 241 ఏడుతో తెగవు, 301 తెగుతుంది. జవాబు 301 గుడ్లు.

కానీ ఇంకో దారి ఉంది. 1 నుంచి 6 వరకు సంఖ్యలన్నీ గుణించి, ఒకటి కలపండి. 1×2×3×4×5×6 అంటే 720, దానికి 1 కలిపితే 721. ఇది 2 నుంచి 6 దాకా దేనితో భాగించినా 1 మిగులుతుందని చూడగానే తెలుస్తుంది, 720లో అవన్నీ ఉన్నాయి కదా. మరి 7తో? 7×103 = 721. సరిగ్గా తెగింది! చిన్న జవాబు కాదు గానీ, ఇదీ జవాబే. అరబ్బు పండితుడు ఇబ్న్ అల్ హైతమ్, వెలుగు గురించి రాసిన గ్రంథంతో పేరు పొందినవాడు, సుమారు వెయ్యేళ్ల కిందట సరిగ్గా ఈ లెక్కకే ఇదే దారి చూపాడు.

ఇక్కడ ఆశ్చర్యపడాల్సింది 2 నుంచి 6 దాకా ఒకటి మిగలడం గురించి కాదు. ఆ గుణకారంలో 7 ఎక్కడా లేదు, అయినా 721 ఏడుతో తెగింది. ఇది యాదృచ్ఛికమా?

కాదు. 7 స్థానంలో ఏ ప్రధాన సంఖ్యను పెట్టినా ఇదే జరుగుతుంది. ప్రధాన సంఖ్యను p అనుకుంటే, 1 నుంచి p−1 వరకు సంఖ్యల లబ్ధాన్ని, అంటే (p−1)! అనే ఫ్యాక్టోరియల్‌ని, p తో భాగించినప్పుడు శేషం ఎప్పుడూ p−1 వస్తుంది. ఇంకొక్కటి కలిపితే నిండుగా తెగుతుంది. దీన్నే విల్సన్ సిద్ధాంతం అంటారు.

13తో చేసి చూద్దాం. 12! విలువ 47,90,01,600. అంత పెద్ద సంఖ్యను నేరుగా భాగించనక్కర్లేదు. ప్రతి గుణకారం తర్వాత 13తో భాగించి, శేషాన్ని మాత్రం ముందుకు తీసుకెళ్తే చాలు. 1×2 = 2, ×3 = 6, ×4 = 24, శేషం 11. 11×5 = 55, శేషం 3. 3×6 = 18, శేషం 5. 5×7 = 35, శేషం 9. 9×8 = 72, శేషం 7. 7×9 = 63, శేషం 11. 11×10 = 110, శేషం 6. 6×11 = 66, శేషం 1. చివరిగా 1×12 = 12. శేషం 12 వచ్చింది. నోటి లెక్కతో కూడా ఇది రెండు నిమిషాల పని.

ఈ పద్ధతి వదిలేసి ముందే మొత్తం ఫ్యాక్టోరియల్ కట్టుకుంటే ఏమవుతుందో మా ప్లస్ టూ పిల్లల దగ్గర చూస్తుంటాను. 23 దాకా వెళ్లేసరికి 22! లో 22 అంకెలు ఉంటాయి. పది అంకెలు చూపించే కాలిక్యులేటర్ మీద అది 1.124000728×10²¹ అని కనిపిస్తుంది, వెనకాల అంకెలు పోయినట్టే. దాన్ని 23తో భాగించి వచ్చిన శేషానికి అర్థం లేదు. నియమం తప్పిందని పిల్లలు అనుకుంటారు, తప్పింది అంకెలు కత్తిరించిన యంత్రం.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం, ఇలా ఎందుకు జరుగుతుంది? పై లెక్కలో శేషాలు 11, 3, 5, 9, 7 అని పొందిక లేకుండా తిరిగి, చివర ఒకేసారి సర్దుకున్నాయి. ఎడమ నుంచి కుడికి గుణించుకుంటూ పోయినంతకాలం కారణం కనిపించదు. వరస మార్చాలి. గుణకారంలో వరస మారినా లబ్ధం మారదు కాబట్టి ఆ స్వేచ్ఛ మనకుంది.

2ను 7తో జోడీ కట్టి గుణించండి. 14 వస్తుంది, 13తో భాగిస్తే శేషం 1. 3ను 9తో కలపండి, 27, శేషం 1. 4ను 10తో కలిపితే 40, శేషం 1. 5, 8 కలిపితే కూడా 40, శేషం 1. 6, 11 కలిపితే 66, శేషం 1. ఈ పది సంఖ్యలు అయిదు జోడీలయ్యాయి, ప్రతి జోడీ వెలకట్టితే ఒకటే. మొత్తం లబ్ధంలో అవన్నీ 1×1×1×1×1గా మారిపోయాయి. మిగిలినవి జోడీ దొరకని 1, 12. వాటి లబ్ధం 12. అదే మన శేషం.

అంటే సిద్ధాంతమంతా రెండు మాటల మీద నిలబడింది. ప్రతి సంఖ్యకూ జోడీ దొరకాలి. తనకు తానే జోడీ అయ్యేవి 1, p−1 తప్ప మరేవీ ఉండకూడదు. రెండింటికీ p ప్రధాన సంఖ్య కావడమే కారణం.

మొదటిది ఇలా. 5ను 1 నుంచి 12 వరకు వరసగా గుణించి శేషాలు రాయండి: 5, 10, 2, 7, 12, 4, 9, 1, 6, 11, 3, 8. ఒక్కటీ రెండోసారి రాలేదు. రెండు చోట్ల ఒకే శేషం వచ్చిందనుకుంటే, ఆ రెండింటి తేడా 13తో తెగాలి. ఆ తేడా అయిదు రెట్లు ఓ చిన్న సంఖ్య, ఆ చిన్న సంఖ్య 13 లోపలే ఉంటుంది. 13 ప్రధాన సంఖ్య కాబట్టి లబ్ధం తెగాలంటే ఏదో ఒక కారణాంకమైనా 13తో తెగాలి. 5 తెగదు, రెండోదీ తెగదు. కాబట్టి పన్నెండు శేషాలూ వేర్వేరు, వాటిలో 1 ఒక్కసారే కనిపిస్తుంది. ఇక్కడ అది ఎనిమిదో చోట ఉంది, కాబట్టి 5 జోడీ 8.

రెండోది ఇంకా సులువు. x తనకు తానే జోడీ అయితే, x×x లోంచి 1 తీసేస్తే p తో తెగాలి. అంటే (x−1)(x+1) తెగాలి. p ప్రధాన సంఖ్య కాబట్టి x−1 అయినా, x+1 అయినా తెగాలి. p లోపలి సంఖ్యల్లో అందుకు 1, p−1 తప్ప దారి లేదు.

13కు బదులు 15 తీసుకుంటే రెండూ కూలిపోతాయి. 6ను దేనితో గుణించినా 15తో భాగించినప్పుడు శేషం 1 రాదు, 6, 12, 3, 9, 0 అనే అయిదు శేషాలే మళ్లీ మళ్లీ తిరుగుతాయి. 4 మాత్రం తనకు తానే జోడీ, 16లో శేషం 1 కదా. 11 కూడా అంతే, 121లో 120 పోతే 1.

ఒకమ్మాయి మంచి ప్రశ్న వేసింది. “మాస్టారూ, గంప లెక్కలో 7 తీసి 9 పెడితే? 8 దాకా అన్నిటికీ ఒకటి మిగలాలి, 9కి మిగలకూడదు.”

ఆమెకు నేను జవాబు చెప్పలేదు, గుడ్లు మూడేసి తీయమన్నాను. మూడేసి తీస్తే ఒకటి మిగిలే గంప తొమ్మిదేసి తీస్తే ఎలా నిండుగా అయిపోతుంది? తొమ్మిదంటే మూడు మూడ్లే. అలాంటి గంప ఏ సంతలోనూ ఉండదు. 8!+1 అంటే 40,321ని 9తో భాగిస్తే శేషం 1. ఎందుకంటే 8! లోపల 3, 6 ఉన్నాయి, 3×6 = 18, అప్పటికే 9 తెగిపోయింది. ప్రధానం కాని ఏ సంఖ్యకైనా ఇదే గతి. n−1 ఫ్యాక్టోరియల్‌లో n కారణాంకాలు ముందే కూర్చుని ఉంటాయి, శేషం సున్నా అవుతుంది. ఒక్క 4కే మినహాయింపు: 3! = 6, శేషం 2. అక్కడా శేషం 3 మాత్రం కాదు.

కాబట్టి నియమం రెండు వైపులా నడుస్తుంది. శేషం n−1 వస్తే n ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. అనుమానానికి చోటు లేని పరీక్ష ఇది. వాడటానికి మాత్రం పనికిరాదు! 1009 ప్రధాన సంఖ్యో కాదో ఈ దారిలో చూడాలంటే సుమారు వెయ్యి గుణకారాలు చేయాలి. మామూలుగా భాగించి చూస్తే 31 వరకు ఉన్న 11 ప్రధాన సంఖ్యలతో పని అయిపోతుంది. పది అంకెల సంఖ్యకు వందల కోట్ల గుణకారాలు కావాలి, భాగహారాలు మాత్రం లక్ష దాటవు. ఘాతాలనైతే వర్గం మీద వర్గం చేసుకుంటూ త్వరగా లెక్కించవచ్చు, నేటి ప్రధాన సంఖ్యల పరీక్షలు నడిచేది ఆ దారిలోనే. ఫ్యాక్టోరియల్‌కు అంత వేగమైన అడ్డదారి ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు.

ఇక పేరు సంగతి. జాన్ విల్సన్ కేంబ్రిడ్జి విద్యార్థి, తర్వాత లెక్కలు వదిలి లాయరై, జడ్జి అయ్యాడు. అతని గురువు ఎడ్వర్డ్ వేరింగ్ 1770లో ఈ నియమాన్ని శిష్యుడి పేరుతో అచ్చువేశాడు. ఇద్దరికీ నిరూపణ లేదు. ప్రధాన సంఖ్యలను రాయడానికి సరైన గుర్తు లేదు గనుక నిరూపించడం కష్టమని వేరింగ్ అన్నాడు. మరుసటి ఏడాదే, 1771లో లాగ్రాంజ్ నిరూపించేశాడు. గౌస్ 1801 నాటి తన గ్రంథంలో, పైన మనం చేసినట్టే జోడీలు కట్టి చూపి, ఇలాంటి సత్యాలు గుర్తుల్లోంచి కాదు, భావాల్లోంచి రావాలని వేరింగ్‌కు చురక అంటించాడు. నాకైతే గౌస్ మాట న్యాయంగా అనిపిస్తుంది, ఈ వ్యాసంలో గుర్తుల పని ఎంత తక్కువో చూశారుగా.

13 దగ్గర ఇంకో వింత ఉంది. 12!+1 అంటే 47,90,01,601ని 13తో భాగిస్తే 3,68,46,277 వస్తుంది. దాన్ని మళ్లీ 13తో భాగించి చూడండి, 28,34,329, మళ్లీ తెగింది. 7 దగ్గర ఇలా జరగదు, 721లో ఏడు ఒక్కసారే ఉంది. 5 దగ్గర జరుగుతుంది, 4!+1 = 25. ఇలా రెండుసార్లు తెగే ప్రధాన సంఖ్యలు ఇప్పటివరకు మూడే దొరికాయి: 5, 13, 563. కంప్యూటర్లతో 20 లక్షల కోట్ల దాకా వెతికారు, నాలుగోది కనిపించలేదు. ఉందో లేదో ఎవరూ నిరూపించలేదు.