చాట్‌లో ఆగిపోయిన ఫిర్యాదును కమిషన్ దాకా తీసుకెళ్లడం: రాయగడ సరిహద్దు నేపథ్యం

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఉండే తెలుగు కుటుంబాలు ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు గురించి ఫిర్యాదు చేయవలసి వస్తే మొదట తేలవలసిన ప్రశ్న ఎక్కడ చేయాలన్నదే. కొన్నవారు ఒడిశాలో నివసిస్తారు. సరుకు మాత్రం చాలాసార్లు పార్వతీపురంలోనో పాతపట్నంలోనో ఉన్న బంధువుల ఇంటికి చేరుతుంది. అమ్మిన సంస్థ కార్యాలయం బెంగళూరులోనో ముంబయిలోనో ఉంటుంది. ఈ మూడు చోట్లకూ సంబంధం లేని నాలుగో చోట, అంటే ఫోన్‌లోని చాట్ కిటికీలో, గొడవంతా నడుస్తుంది. అక్కడ పరిష్కారం కానప్పుడు దానిని చట్టం గుర్తించే ఫిర్యాదుగా ఎలా మార్చుకోవాలో, అందుకు ఏయే ఆధారాలు చేతిలో ఉండాలో తెలియాలంటే చట్టం నడిచి వచ్చిన దారిని కొంత చూడాలి.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దుకాణానికి స్వయంగా వెళ్లి కొనే కాలానికి తగినట్టు రాసినది. రసీదు, గ్యారంటీ కార్డు, రిజిస్టర్డ్ పోస్టులో పంపిన ఉత్తరం, దానికి తిరిగి వచ్చిన అక్నాలెడ్జ్‌మెంటు కార్డు ఆనాటి ఆధారాలు. జిల్లా ఫోరంలో కేసు వేయాలంటే ప్రతివాది అక్కడ నివసించాలి, లేదా వ్యాపారం చేయాలి, లేదా అక్కడ అతని శాఖ ఉండాలి. అదేదీ కాకపోతే వివాదానికి కారణమైన సంఘటన పూర్తిగానో కొంతగానో ఆ జిల్లాలో జరిగి ఉండాలి. శాఖ ఉన్న ప్రతి ఊళ్లోనూ కేసు వేయడం కుదరదని, వివాద కారణానికీ ఆ శాఖకూ సంబంధం ఉండాలని సుప్రీంకోర్టు 2009లో సోనిక్ సర్జికల్ కేసులో చెప్పింది. ఆ లెక్కన రాయగడలో కూర్చుని ఫోన్‌లో ఆర్డరు పెట్టి, పార్వతీపురంలో సరుకు దింపించుకున్న వ్యక్తి తన సొంత జిల్లాలో కేసు వేయాలంటే, వివాద కారణంలో కొంత భాగం అక్కడే పుట్టిందని ముందుగా వాదించి నెగ్గాల్సి వచ్చేది. కొన్ని వేల రూపాయల వస్తువు కోసం అంత దూరం పోయే ఓపిక ఎవరికి ఉంటుంది?

2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 చట్టం ఈ ముడిని విప్పింది. ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా స్వయంగా పనిచేసుకుని బతికే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, అంటే పాత జిల్లా ఫోరం స్థానంలో వచ్చిన దానిలో, కేసు వేయవచ్చని 34వ సెక్షన్‌లో చేర్చారు. సరిహద్దు జిల్లాల వారికి ఈ చట్టంలో అన్నిటికంటె విలువైన మాట ఇదేనని నా అభిప్రాయం. కేసు విలువ లెక్కించే పద్ధతి కూడా మారింది. పాత చట్టంలో వస్తువు విలువకు అడిగే నష్టపరిహారాన్ని కలిపేవారు. ఇప్పుడు వస్తువుకు చెల్లించిన ధర ఒక్కటే లెక్క. ఆ ధర 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషనే వింటుంది, 5 లక్షల లోపు కేసులకు రుసుము లేదు.

అదే నెలలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు చాట్‌కూ చట్టానికీ మధ్య వంతెన వేశాయి. ప్రతి ఈ-కామర్స్ సంస్థ ఒక గ్రీవెన్స్ ఆఫీసరును నియమించి, ఆయన పేరు, హోదా, సంప్రదించే వివరాలు తన వేదికపై చూపాలి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, అందిన తేదీ నుంచి నెల రోజుల్లో పరిష్కరించాలి. ఇతరుల సరుకును అమ్మిపెట్టే మార్కెట్‌ప్లేస్ సంస్థ అయితే, ప్రతి ఫిర్యాదుకూ స్థితి చూసుకోవడానికి వీలయ్యే టికెట్ నంబరు ఇవ్వాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. చాట్‌లో వారాల తరబడి మాట్లాడినా, గ్రీవెన్స్ ఆఫీసరుకు రాతపూర్వకంగా ఒక్క ముక్క కూడా పంపకపోతే, తమకు ఫిర్యాదే అందలేదని, వచ్చినవి సాధారణ విచారణలు మాత్రమేనని సంస్థ వాదించడానికి చోటు మిగులుతుంది.

ఇది ఎలా జరుగుతుందో చూడడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. రాయగడలో పనిచేసే ఒక తెలుగు ఉద్యోగి మార్చి 3న 18,490 రూపాయలకు వాషింగ్ మెషీన్ ఆర్డరు చేసి, యూపీఐ ద్వారా డబ్బు కట్టాడు. డెలివరీ చిరునామా పార్వతీపురంలోని అత్తవారిల్లు. మార్చి 7న మెషీన్ దిగింది, 9న డ్రమ్ము తిరగడం లేదని చాట్‌లో చెప్పారు. 13న వచ్చిన టెక్నీషియన్ జాబ్ షీట్‌లో మోటారు లోపమని రాశాడు. 15న చాట్ ఏజెంటు, రిఫండ్ మొదలైందని, 7 పనిదినాల్లో ఖాతాలో పడుతుందని అన్నాడు. డబ్బు పడలేదు, మెషీన్ తీసుకెళ్లడానికీ ఎవరూ రాలేదు. 27న మళ్లీ చాట్ తెరిస్తే, డెలివరీ అయిన 10 రోజుల్లో ముగియవలసిన రిటర్న్ గడువు 17తోనే అయిపోయిందని, ఇక చేయగలిగింది లేదని కొత్త ఏజెంటు జవాబిచ్చాడు. పాత సంభాషణ ఆ కిటికీలో కనబడటం లేదు.

ఈ కేసు నిలబడేదీ కూలిపోయేదీ 9వ తేదీ, 15వ తేదీ సంభాషణల మీదనే. మొదటిది గడువు లోపలే ఫిర్యాదు చేశారని చూపుతుంది. రెండోది సంస్థ లోపాన్ని ఒప్పుకుని డబ్బు ఇస్తానందని చూపుతుంది. చాట్ రికార్డు మన దగ్గర కాక సంస్థ సర్వరులో ఉంటుంది గనుక, సంభాషణ ముగిసిన పూటే దానిని మన చేతికి తెచ్చుకోవాలి. ట్రాన్స్‌క్రిప్టును మెయిలుకు పంపే సౌకర్యం ఉంటే అదే మేలు. లేకపోతే పైనుంచి కిందికి వరుసగా స్క్రీన్‌షాట్లు తీయాలి. ఒక తెరలోని చివరి వాక్యం తరువాతి తెరలో మొదట కనబడేలా తీస్తే, మధ్యలో ఏదీ తీసేయలేదని తెలుస్తుంది. ప్రతి తెరలోనూ తేదీ, ఆర్డరు నంబరు, ఏజెంటు పేరు కనబడాలని ప్రయత్నించాలి, అంచులు కత్తిరించకూడదు. వాటిని వాట్సాప్‌లో ఇంట్లో వాళ్లకు పంపి అక్కడే దాచుకుంటే చిత్రం కుదించుకుపోతుంది, తీసిన సమయం వంటి వివరాలు పోతాయి. అందుకని అసలు ఫైళ్లను తమకు తామే మెయిలు చేసుకోవడం మంచిది. సంస్థతో సంభాషణ వాట్సాప్‌లోనే జరిగితే, ముందు డిసప్పియరింగ్ మెసేజెస్ ఆపేసి, తరువాత చాట్ ఎక్స్‌పోర్ట్ చేయాలి. కేసు ముగిసేదాకా ఆ ఫోన్‌ను అమ్మకపోవడం, రీసెట్ చేయకపోవడం అవసరం.

రిఫండ్ మాట వచ్చినప్పుడు మరొక ఆధారం కావాలి. మొదలైందనడం వేరు, ఖాతాలో పడడం వేరు. డబ్బు నిజంగా పంపి ఉంటే దానికి బ్యాంకు రిఫరెన్స్ నంబరు ఉంటుంది. చాట్‌లోనే ఆ నంబరు అడగాలి. ఇవ్వలేకపోతే ఆ జవాబే సాక్ష్యం. దానికి తోడుగా మార్చి 3 నుంచి నేటిదాకా బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుంటే, చెల్లింపు వెళ్లిందనీ తిరిగి రాలేదనీ ఒకే కాగితంలో కనబడుతుంది. ఇన్‌వాయిస్‌ను కూడా జాగ్రత్తగా చదవాలి. అందులో బిల్లింగ్ చిరునామా రాయగడ అనీ, షిప్పింగ్ చిరునామా పార్వతీపురం అనీ విడివిడిగా ఉంటే కొన్నదెవరో తేలిపోతుంది. బిల్లు అత్తవారి పేరుతో ఉంటే, డబ్బు తన ఖాతా నుంచి వెళ్లిందని ఉద్యోగి చూపవలసి ఉంటుంది. ఇక చెడిపోయిన మెషీన్‌ను పాత సామాను వాడికి ఇవ్వకుండా, వేరే మెకానిక్ చేత విప్పించకుండా ఉంచాలి. లోపాన్ని ప్రయోగశాలలో పరీక్షించాలని కమిషన్ ఆదేశించే వీలుంది.

మార్చి 28న ఉద్యోగి గ్రీవెన్స్ ఆఫీసరుకు మెయిలు రాశాడనుకుందాం. అందులో కోపం కంటె క్రమం ముఖ్యం. ఆర్డరు నంబరు, చెల్లించిన మొత్తం, తేదీలవారీగా జరిగినది, పాత టికెట్ నంబర్లు, స్క్రీన్‌షాట్లు, జాబ్ షీట్, చివరగా కోరుతున్నది ఏమిటి అన్నది స్పష్టంగా ఉండాలి. అమ్మకందారు పూర్తి చిరునామా ఇవ్వాలని కూడా అదే మెయిలులో అడగాలి. కొన్న తరువాత వినియోగదారు రాతపూర్వకంగా అడిగితే మార్కెట్‌ప్లేస్ ఆ వివరాలు ఇవ్వాలని నియమాలు చెబుతున్నాయి; రేపు నోటీసు చేరవలసింది ఆ చిరునామాకే. మార్చి 30తో 48 గంటలు, ఏప్రిల్ 28తో నెల పూర్తవుతాయి. ఈలోపు 1915 నంబరుకు గాని, consumerhelpline.gov.in లో గాని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోవచ్చు. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడే వీలుంది. అయితే హెల్ప్‌లైన్ కేసును సంస్థకు పంపి రాజీ కుదర్చడానికి చూస్తుంది తప్ప తీర్పు చెప్పదు. అక్కడ ఫిర్యాదు నడుస్తోందన్న కారణంతో కమిషన్‌కు వెళ్లే రెండేళ్ల గడువు ఆగదు. ఆ గడువును లోపం బయటపడిన మార్చి 9 నుంచే లెక్కపెట్టుకుంటే భద్రం.

గ్రీవెన్స్ ఆఫీసరుకు ఉన్న నెల గడువు దాటినా జవాబు లేకపోతే 15 రోజుల గడువుతో సంస్థకు నోటీసు పంపడం ఆనవాయితీ. చట్టం దానిని తప్పనిసరి చేయలేదు గాని, అవకాశం ఇచ్చినా స్పందించలేదని చూపడానికి అది పనికొస్తుంది. తరువాత 2025 జనవరి 1న ప్రారంభమైన e-jagriti.gov.in లో ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. న్యాయవాది లేకుండానూ నడపవచ్చు. మార్కెట్‌ప్లేస్, అమ్మకందారు, తయారీ సంస్థ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాలి. లేకపోతే హాజరైనవారు తప్పును హాజరు కానివారి మీదికి నెడతారు. రాయగడలో నివసిస్తున్నట్టు ఆధార్ గాని, అద్దె ఒప్పందం గాని, ఉద్యోగ ధ్రువీకరణ గాని జతచేయాలి. తెలుగులో, లేదా ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగులో సాగిన చాట్‌ను ఒడిశా కమిషన్ సభ్యులు చదవలేకపోవచ్చు గనుక, వరుసకు వరుసగా ఇంగ్లీషు అనువాదం తోడుగా పెట్టి, అది సరైనదేనని అఫిడవిట్‌లో చెప్పాలి.

కమిషన్ అఫిడవిట్లు, పత్రాల ఆధారంగా విచారిస్తుంది; సివిల్ కోర్టులోని సాక్ష్య నియమాలన్నీ అక్కడ బిగువుగా వర్తించవు. అయినా ఆ స్క్రీన్‌షాట్లు తమవి కావని సంస్థ అంటే ఇబ్బంది రాకుండా, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయడం మంచిది. కమిషన్ నోటీసు అందిన ప్రతివాది 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ మరో 15 రోజులు పెంచవచ్చు. ఆ 45 రోజులు దాటితే గడువు పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో తేల్చింది. అందుకే నోటీసు చేరిన తేదీకి సంబంధించిన ట్రాకింగ్ కాగితాన్ని కూడా ఫైల్‌లో ఉంచుకోవాలి. వీడియో ద్వారా విచారణ కోరుతూ దరఖాస్తు చేసుకునే వీలు కూడా చట్టంలో ఉంది.

సరుకు పార్వతీపురంలో దిగింది గనుక ఆంధ్ర వైపు జిల్లా కమిషన్‌లోనూ ఇదే కేసు వేయవచ్చు, కాని రెండు చోట్లా వేయకూడదు. ఎంపిక చేసుకునే ముందు అప్పీలును కూడా ఆలోచించాలి. రాయగడ తీర్పు మీద అప్పీలు కటక్‌లోని రాష్ట్ర కమిషన్‌కు పోతుంది, ఆంధ్ర తీర్పు మీద అప్పీలు విజయవాడకు పోతుంది. ఓడిన సంస్థ 45 రోజుల్లో అప్పీలు చేయాలి, తీర్పు మొత్తంలో సగం ముందుగా జమ చేయాలి. అప్పీలు లేకుండా ఆ 45 రోజులు గడిచినా డబ్బు రాకపోతే, తీర్పు ధ్రువీకృత ప్రతితో అదే జిల్లా కమిషన్‌లో అమలు దరఖాస్తు వేయాలి. ఆదేశం పాటించని వారికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు గాని, కనీసం 25,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించే అధికారం 72వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది.