అనర్హుల్ని ఏరేస్తే పేదలకు ఎక్కువ అందుతుందా? ఒక అపోహ, ఒక కరెంటు మీటరు

పింఛన్లు, రేషన్ కార్డుల ఫిర్యాదుల మీద పదకొండేళ్లుగా ఆంధ్ర పల్లెల్లో తిరుగుతున్నాను. రచ్చబండ దగ్గరైనా, చదువుకున్నవాళ్ల ఇళ్లలోనైనా నాకు ఎదురయ్యే మాట ఒకటే: "అందరికీ పంచడం దేనికండీ? అనర్హుల్ని ఏరేస్తే అసలు పేదవాళ్లకు ఇంకాస్త ఎక్కువ అందుతుంది కదా!" ఈ మాట అనేవాళ్లంతా మంచి మనసుతోనే అంటారు. కానీ పేదలకు ఎక్కువ నష్టం చేసింది ఈ నమ్మకమే. అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: అనర్హుల్ని తీసేస్తే ఆ డబ్బు అర్హులకు చేరుతుంది.

మొదటి విషయం, అలా చేరదు. పింఛను ఎంతనేది జీవోలో ఉంటుంది. ఊళ్లో పదిమంది పేర్లు కొట్టేసినంత మాత్రాన పదకొండో మనిషికి ఒక్క రూపాయి కూడా పెరగదు. రెండోది ఇంకా ముఖ్యం. జల్లెడ కన్ను చిన్నది చేసినప్పుడు రాళ్లతో పాటు గింజలు కూడా పైనే ఆగిపోతాయి. ఒక లెక్క వేసుకుందాం. ఒక ఊళ్లో వెయ్యి కుటుంబాలు, వాటిలో 400 పేదవి అనుకోండి. పరిశీలనలో పదింట ఒకటి తప్పు జరిగితే 60 మంది అనర్హులు లోపలికి వస్తారు, 40 మంది పేదలు బయట పడతారు. "అరవై మందా, ఘోరం" అని నిబంధనలు బిగించారు. అనర్హులు 30కి తగ్గారు, బయట పడ్డ పేదలు మాత్రం 80కి పెరిగారు. ఇప్పుడు నెలకు 2,500 రూపాయల పింఛను చొప్పున లెక్కిస్తే అనర్హులకు ఆపి మిగిల్చింది 75,000, పేదలకు ఆపి మిగిల్చింది లక్ష. రిపోర్టులో మాత్రం "అనర్హుల తొలగింపుతో ఆదా 1,75,000" అని ఒకే గీత కింద రాస్తారు. అందులో లక్ష ఎవరి కంచంలోంచి తీసిందో ఆ కాగితం చెప్పదు.

అంకెలు నేను ఊహించినవే. ఆ పద్ధతి మాత్రం నేను రోజూ చూసేది. లోపలికి వచ్చిన అనర్హుడు ఊరందరి కళ్లకూ కనిపిస్తాడు, పేపర్లో పడతాడు. బయట పడ్డ ముసలమ్మ ఎవరికీ కనిపించదు. అందుకే అధికారులు కనిపించే తప్పునే తగ్గిస్తూ పోతారు.

మా దగ్గర సిక్స్ స్టెప్ వాలిడేషన్ అని వచ్చింది. కుటుంబంలో ఎవరికైనా ప్రభుత్వోద్యోగం ఉందా, ఆదాయపు పన్ను కట్టారా, మాగాణి మూడెకరాలు దాటిందా, నాలుగు చక్రాల బండి ఉందా, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటిందా, ఇలాంటివి కంప్యూటరే ఆధార్ నంబరు పట్టుకుని చూసేస్తుంది. వినడానికి ఎంత న్యాయంగా ఉందో! కానీ కంప్యూటరు చూసేది పేదరికాన్ని కాదు, పేదరికానికి గుర్తులని మనం అనుకున్నవాటిని. గుర్తు తప్పితే మనిషి తప్పిపోతుంది.

2022 ఫిబ్రవరిలో ఒక పెద్దమ్మకు పింఛను ఆగిపోయింది. వయసు అరవై ఎనిమిది. భర్త కట్టిన పాత ఇంటిని ఇద్దరు కొడుకులు గోడలు పెట్టి మూడు వాటాలు చేసుకున్నారు. మీటరు ఒక్కటే, అది ఆవిడ పేరు మీద. ముందుగదిలో ఆవిడకు ఒక బల్బు, ఒక ఫ్యాను. వెనక రెండు కాపురాలకు ఫ్రిజ్‌లు, మోటారు, కూలర్. సగటున 340 యూనిట్లు. ఆధార్ ఎవరిదో ఆ 340 వాళ్లదే అయింది.

ఆవిడ నన్ను చూసి అడిగిన మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. "కరెంటు కాల్చింది వాళ్లు, కాలింది నా పింఛనా అమ్మాయ్?"

ముందు ఒక కౌంటర్‌లో "పై నుంచి వచ్చింది, మేమేం చేయలేం" అన్నారు. ఏ స్టెప్‌లో ఫెయిలయిందో కాగితం మీద రాసివ్వమంటే రెండు వారాలు తిప్పారు. అది చేతికొచ్చాకే దారి దొరికింది. కొడుకుల వాటాలకు వేరే సర్వీసులు తీసుకోవడం, ఆవిడ ఆధార్‌కు ముందుగది సర్వీసు నంబరు మాత్రమే ఉండేలా కరెంటు ఆఫీసులో సరిచేయించడం, తర్వాత సగటు దిగేదాకా ఆగడం. అక్టోబరులో పింఛను మళ్లీ వచ్చింది. పోయిన ఎనిమిది నెలల 20,000 రాలేదు. ఆ ఎనిమిది నెలలూ బీపీ మాత్రలు రోజు విడిచి రోజు వేసుకున్నానని చాలా తర్వాత చెప్పింది.

ఇది ఒక ఇంటి కథ కాదు. తెలంగాణలో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టే చెప్పాల్సి వచ్చింది. అక్కడ కూడా ఇళ్లకు వెళ్లి చూడకుండా డేటా సరిపోల్చి తీసేశారన్నదే వివాదం.

అపోహ: అందరికీ ఇస్తే ఉన్నవాళ్లే ఎగరేసుకుపోతారు.

తమిళనాడు చూడండి. 1997లో కేంద్రం రేషన్‌ను పేదలు, పేదలు కానివాళ్లు అని రెండుగా చీల్చినప్పుడు ఆ రాష్ట్రం ఒప్పుకోలేదు, బియ్యం అందరికీ ఉంచింది. మరి కోటీశ్వరులు సంచి పట్టుకుని క్యూలో నిలబడ్డారా? లేదు. బియ్యం వద్దనుకున్నవాళ్లు చక్కెర కార్డు తీసుకున్నారు. రేషన్ బియ్యం కోసం నిలబడే ఓపిక, అవసరం ఎవరికుందో క్యూనే తేల్చేసింది. పైగా మధ్యతరగతి కూడా ఆ దుకాణానికే వస్తే బియ్యంలో పురుగు కనిపించిన రోజే గొడవవుతుంది. పేదలు మాత్రమే వచ్చే దుకాణంలో ఆ గొడవ చేసేవాళ్లుండరు.

ఖర్చు ఎక్కువన్నది నిజమే, దాన్ని దాచను. బియ్యం, బడి భోజనం లాంటివాటికి అందరికీ అన్నది నప్పుతుంది. నగదుకు అంత తేలిగ్గా నప్పదు, ఎందుకంటే డబ్బు వద్దనేవాళ్లుండరు. 2018లో తెలంగాణ మొదలుపెట్టిన రైతుబంధునే తీసుకోండి. అప్పట్లో ఎకరాకు, సీజనుకు 4,000, పరిమితి లేదు. ఎకరం ఉన్నాయనకు నాలుగు వేలు, ఇరవై ఎకరాలున్నాయనకు ఎనభై వేలు, కౌలుకు దున్నినవాడికి సున్నా. దాన్ని "రైతులందరికీ" అన్నారు. నిజానికి అది పట్టాలన్నిటికీ.

అపోహ: జాబితాలో పేరు లేదంటే ప్రభుత్వం దృష్టిలో పేద కాదు, ఇక అంతే. కాదు. జాబితా తీర్పు కాదు, డేటా. డేటాలో తప్పు దిద్దించుకోవచ్చు.

పింఛను ఆగిందని కంగారుపడి ఫోన్ చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. వాట్సాప్‌లో తిరిగే "కొత్త జాబితాలు" నమ్మి బ్రోకరుకు డబ్బివ్వకండి. సచివాలయంలో ఏ స్టెప్‌లో ఆగిందో రాతపూర్వకంగా తీసుకోండి. కరెంటు అయితే బిల్లు మీది సర్వీసు నంబరు, మీ ఆధార్‌కు ముడిపడ్డ నంబరు ఒకటేనా చూసుకోండి. బండి అయితే అమ్మేశాక ఆర్సీ పేరు మారిందా అడగండి. పట్నంలో ఉంటున్న కొడుకు ఉద్యోగం మీ ఖాతాలో పడితే, ఎవరు ఏ కుటుంబమో నమోదు చేసే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో వేరు చేయమని అర్జీ పెట్టండి. రసీదు నంబరు తీసుకోకుండా కౌంటరు దగ్గర్నుంచి కదలకండి.

ఆ పెద్దమ్మ ఇప్పుడు నాలుగు వేలు తీసుకుంటోంది. కరెంటు బిల్లు రాగానే యూనిట్లు ఎన్నో చదివి చెప్పమని ప్రతి నెలా పక్కింటి పిల్లను పిలుస్తుంది.