ఏలినాటి శనికి నీలం పెట్టుకోవాలా? జాతిరాళ్లపై అపోహలు - వాస్తవాలు

2025 మార్చి 29న శని మీనంలోకి వచ్చినప్పటి నుంచి కుంభ, మీన, మేష రాశుల వాళ్లకు ఏలినాటి శని నడుస్తోంది. నల్గొండలో జాతకాలు చూసే నన్ను అప్పటి నుంచి చాలామంది అడుగుతున్న మాట ఒకటే: "అయ్యగారూ, నీలం పెట్టుకోమన్నరు, పెట్టుకోవాల్నా?"

అపోహ: ఏలినాటి శని ఉంటే నీలం ధరించాలి.

ఏ గ్రహానికి ఏ రాయో చాలామందికి తెలిసిందే. సూర్యుడికి కెంపు, చంద్రుడికి ముత్యం, కుజుడికి పగడం, బుధుడికి పచ్చ, గురువుకు కనక పుష్యరాగం, శుక్రుడికి వజ్రం, శనికి నీలం, రాహువుకు గోమేధికం, కేతువుకు వైడూర్యం. అయితే మన సంప్రదాయంలో ఎక్కువమంది పాటించే పద్ధతి ప్రకారం రాయి గ్రహాన్ని శాంతింపజేయదు, దానికి బలం ఇస్తుంది. శాంతికి జపం, దానం, పూజ వేరే ఉన్నాయి. అందుకే రాయి చెప్పే ముందు చూడాల్సింది రాశి కాదు, పుట్టిన వేళకు తూర్పున ఉదయించే లగ్నం. ఆ లగ్నానికి శని మేలు చేసేవాడా కాదా అన్నదే అసలు ప్రశ్న.

దేవరకొండ వైపు నుంచి ఒక పత్తి రైతు తన కొడుకు జాతకం తెచ్చాడు. మీన రాశి, కర్కాటక లగ్నం. ఏలినాటి శని అని చెప్పి ఒక షాపులో 5 రత్తుల నీలం చూపించారు, 60 వేలు అడిగారు. అప్పటికే కొంత అడ్వాన్స్ ఇచ్చి, ఇంట్లో చూపిస్తానని రాయి వెంట తెచ్చుకున్నాడు. కర్కాటక లగ్నానికి శని ఏడు, ఎనిమిది స్థానాలకు అధిపతి. ఎనిమిదో ఇంటి అధిపతికి బలం పెంచే రాయి ఎందుకు? అదే వృషభ లగ్నమో తులా లగ్నమో అయితే శని బాగా మేలు చేసే యోగకారకుడు కాబట్టి, అక్కడ నీలం గురించి ఆలోచించవచ్చు. ఆ అబ్బాయికి శనివారం నువ్వుల నూనె దీపం, చేతనైనంత నల్ల నువ్వుల దానం చాలని చెప్పాను.

ఇదంతా శాస్త్రం లోపలి లెక్క. రాయి వల్ల జీవితం మారుతుందని సైన్స్ పరంగా రుజువు లేదు. ఈ మాట నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరికీ ముందే చెబుతాను. నమ్మకంతో పెట్టుకునేవాళ్లు పెట్టుకోవచ్చు కానీ, అప్పు చేసి మాత్రం వద్దు.

అపోహ: పాలలో వేస్తే అసలు నీలం తెలిసిపోతుంది.

పాలు నీలంగా మెరిస్తే అసలుదని చాలామంది నమ్ముతారు. నీలి గాజు ముక్క వేసినా పాలు అలాగే కనిపించవచ్చు. గీతలు పడితే నకిలీ అన్న పరీక్ష కూడా ఇక్కడ పనిచేయదు. ఫ్యాక్టరీలో తయారైన సింథటిక్ నీలం కూడా గనిలో దొరికే నీలం లాంటి కురువిందం అనే ఖనిజమే, గట్టిదనం రెండింటికీ ఒక్కటే. తేడా లోపల ఉంటుంది. మంటలో కరిగించి చేసిన రాయిని పదింతల భూతద్దంలో చూస్తే వంపు తిరిగిన గీతలు, గుండ్రటి బుడగలు కనిపించవచ్చు. అవి కనిపించకపోయినంత మాత్రాన సహజమైనదని చెప్పలేం, ల్యాబ్‌కు పంపాల్సిందే.

ఆ రైతు రాయిని హైదరాబాద్‌లో ల్యాబ్‌కు పంపించాడు. రిపోర్టులో సింథటిక్ అని వచ్చింది. ఆ కాగితం ముందు పెట్టాక షాపువాళ్లు అడ్వాన్స్ వాపసు ఇచ్చారు. సహజమైన రాయి అయినా వేడి చేశారా, పగుళ్లలో గాజు నింపారా అన్నది రిపోర్టులో చూడాలి. గాజు నింపిన రాయి చాలా చవక, ఉంగరం చేసేటప్పుడు మంట తగిలినా పాడవుతుంది.

అపోహ: 5 రత్తులంటే ఎక్కడైనా 5 రత్తులే.

పాత లెక్కలో రత్తి సుమారు 0.12 గ్రాములు. మార్కెట్లో పక్కా రత్తి సుమారు 0.18 గ్రాములు. అంటే ఒక షాపులో 5 రత్తులు దాదాపు 3 క్యారెట్లు, ఇంకో షాపులో నాలుగున్నర. అందుకే బిల్లు మీద బరువు క్యారెట్లలోనే రాయించుకోండి. పైగా 'ఇంత బరువు లేకపోతే ఫలితం రాదు' అనడానికి అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. రాయి చెప్పినవాళ్లకు షాపు నుంచి కమీషన్ వస్తే, ఆ బరువు ఎందుకు పెరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: కీళ్ల నొప్పులకు నీలం మందు.

జ్యోతిషంలో ఎముకలకు, కీళ్లకు శని కారకుడు. దాన్ని పట్టుకుని మర్రిగూడ, మునుగోడు వైపు నడుము వంగిన పెద్దవాళ్లకు కూడా రాయి అంటగడతారు. ఆ ఊళ్లలో తరాల తరబడి తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎన్ని ఎముకలు పాడుచేసిందో జిల్లా అంతటికీ తెలుసు. అలాంటివాళ్లు వస్తే నేను జాతకం తెరవను, ముందు డాక్టర్ దగ్గరికి పంపిస్తాను. తాయెత్తులు, మహిమలతో రోగాలు నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం కింద నేరం కూడా.

ఇప్పటికే కొని మోసపోయామని అనుమానం ఉంటే రాయిని ఉంగరం నుంచి తీయించి ల్యాబ్ రిపోర్టు తెచ్చుకోండి. బిల్లు, రిపోర్టు దగ్గర పెట్టుకుని 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు కేసు వేయాలి. కొన్న ధర 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా ఉండదు.